మిన్నుకి కుక్కపిల్ల కాదు... కరివేపాకు మొక్క!

మా అక్క కూతురు మిన్నుకి ఎనిమిదేళ్లు. వీధిలో కుక్క కనిపిస్తే చాలు, స్కూల్ బస్సు వెళ్లిపోతున్నా పట్టించుకోదు. పాలప్యాకెట్ల షాపు దగ్గరుండే పిల్లికి ఎన్ని పిల్లలు పుట్టాయో, అందులో ఏది ఎవరింట్లో ఉందో దానికి నోటికొచ్చు. ప్రతి పుట్టినరోజుకీ అడిగేది ఒక్కటే, "మావయ్యా, కుక్కపిల్ల!"

కానీ మిన్నుకి ఆస్తమా. బొచ్చున్న జంతువుని ఇంట్లో పెట్టొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. దానికితోడు వాళ్లుండేది మియాపూర్‌లో అద్దె ఫ్లాటు, మూడో అంతస్తు. "పెట్స్ నాట్ అలౌడ్" అని ఓనరుగారు అగ్రిమెంట్‌లోనే రాయించుకున్నారు. ఏటా జులైలో అక్క నుంచి నాకో ఫోను వస్తుంది. "ఒరేయ్, నువ్వు ఏదైనా తే గానీ, ఊపిరి పీల్చేది మాత్రం తేకు."

నేనేమో గచ్చిబౌలిలో కోడు రాసుకుంటూ బతికేవాణ్ని. పెళ్లికాని మేనమామకి గిఫ్టులు కొనడం అంత తేలికేం కాదు. నా పాత ప్రయత్నాలు చెబితే మీకే అర్థమవుతుంది. ఒక ఏడాది పెద్ద టెడ్డీబేర్ కొన్నాను. వారంలో అటక ఎక్కింది. బొచ్చు బొమ్మల్లో దుమ్ము, ఆ దుమ్ములో కంటికి కనపడని డస్ట్‌మైట్లు చేరతాయి, ఆస్తమా ఉన్న పిల్లలకి అవీ పడవు. ఆ తర్వాతి ఏడాది గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్ తెచ్చాను. తొమ్మిది రోజులు బతికింది. చేప వదిలే వ్యర్థాల నుంచి నీళ్లలో అమ్మోనియా పేరుకుంటుందనీ, దాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి వారాలు పడుతుందనీ, ఫిల్టరే లేని చిన్న గిన్నె ఆ చేపకి గ్యాస్ చాంబర్ లాంటిదనీ నాకు తర్వాత తెలిసింది. మిన్ను మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మరోసారి ఒకతను పంజరంలో రామచిలుకని చూపించి, "తీసుకెళ్లండి సార్, మాటలు నేర్పొచ్చు" అన్నాడు. చేయి చాచబోయి ఆగాను. మన రామచిలుకల్ని పంజరంలో పెంచడం, అమ్మడం, కొనడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నక్షత్ర తాబేలుకీ అంతే. పుట్టినరోజు కానుకగా కేసు ఇవ్వడం బాగోదు కదా!

ఇలా ఉండగా, పోయిన ఏడాది జూన్‌లో ఒకరోజు ఖమ్మం నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. కుండీలో కరివేపాకు మొక్క చూపిస్తూ, "చూడరా, మళ్లీ పురుగు పట్టింది. ఆకులన్నీ మేసేసింది. ఏదైనా మందు కొట్టాలి" అంది. స్క్రీన్ మీద ఆకుపచ్చగా, బొద్దుగా, వేలెడంత పురుగు. అమ్మ ఈనెపుల్లతో దాన్ని కదిపింది. అంతే, తల వెనక నుంచి నారింజ రంగులో పాము నాలుక లాంటిది రెండు చీలికలుగా బయటికొచ్చింది! అమ్మ "అమ్మో" అని వెనక్కి జరిగింది. నేను మాత్రం, "అమ్మా, మందు కొట్టకు. ఆ మొక్క నాకు కావాలి" అన్నాను.

ఆ పురుగు ఒక సీతాకోకచిలుక పిల్ల. మన ఇళ్లలో కరివేపాకు, నిమ్మ, నారింజ, బత్తాయి మొక్కల మీద రెండు రకాల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఒకటి లైమ్ బటర్‌ఫ్లై, నలుపు మీద లేత పసుపు మచ్చలతో ఉంటుంది. రెండోది కామన్ మార్మన్, నల్లటి రెక్కల మీద తెల్లటి చుక్కల పట్టీతో ఉంటుంది. రెండూ మామూలు జాతులే. నిమ్మతోటల రైతులు, నర్సరీల వాళ్లు వీటిని తెగులుగానే చూస్తారు. గొంగళిపురుగు అనగానే మనకి నూగు, దురద గుర్తొస్తాయి. వీటికి నూగుండదు, ఒళ్లు నున్నగా ఉంటుంది. కదిపినప్పుడు బయటికొచ్చే ఆ నారింజ కొమ్ములు కుట్టవు, ఘాటైన వాసన మాత్రం వదులుతాయి. చీమల్ని, పక్షుల్ని బెదరగొట్టడానికి అదొక ఎత్తు.

అక్కకి విషయం చెప్పాను. "పురుగులు గిఫ్టా?" అంది. బొచ్చుండదు, బాల్కనీలోనే ఉంటుంది, నెల రోజుల్లో ఎగిరిపోతుంది అన్నాను. డాక్టరుగారిని అడిగాకే సరేనంది. ఆయన ఒక్కటే షరతు పెట్టారట, తడి మట్టిలో బూజు పట్టకుండా చూసుకోమని.

పుట్టినరోజుకి నేను తీసుకెళ్లినవి ఇవి: అమ్మ పెంచిన కరివేపాకు మొక్క (పన్నెండంగుళాల కుండీలో, రెండడుగుల ఎత్తు), పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లెన్స్, గీతల్లేని నోటుపుస్తకం, ఆరంగుళాల స్కేలు, వంటింట్లో పళ్లమీద కప్పే వలగొడుగు. మొక్క చూసి మిన్ను మొహం మాడిపోయింది. "ఇది... కరివేపాకు కదా మావయ్యా?" అంది, ఏడుపు గొంతుతో. "దీన్ని బాల్కనీలో పెట్టు. వారం ఆగు. నీకు కావాల్సింది తనే వెతుక్కుంటూ వస్తుంది" అన్నాను. లోపల నాకూ భయమే. మూడో అంతస్తుకి సీతాకోకచిలుక వస్తుందో రాదో!

వచ్చింది. ఎనిమిదో రోజు, జులై 20న, స్కూల్ నుంచి రాగానే మిన్ను ఫోను. "మావయ్యా, ఆకు మీద గుడ్డు!" ఆడ సీతాకోకచిలుక మొక్కని వాసనతో, కాళ్లతో రుచి చూసి పోల్చుకుంటుంది. లేత చిగుళ్ల మీద వాలీ వాలనట్టు వాలి, పొట్ట వంచి ఒక్కో గుడ్డూ విడివిడిగా అంటిస్తుంది. లేత పసుపు రంగు, గుండ్రం, సుమారు ఒక మిల్లీమీటరు. గసగసం కన్నా పెద్దది, ఆవగింజ కన్నా చిన్నది. వెతకాల్సింది ముదురాకుల మీద కాదు, చిగుళ్ల మీద. లెన్స్‌తో మొక్కంతా గాలిస్తే మొత్తం ఐదు దొరికాయి. నోటుపుస్తకంలో ఆరోజే మొదటి పేజీ మొదలైంది.

మూడో రోజుకి గుడ్డు రంగు ముదిరింది, ఆ సాయంత్రానికి పురుగు బయటికొచ్చింది. పుట్టగానే తను తినేది ఆకు కాదు, తన గుడ్డు పెంకునే. అప్పుడు పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. చూడ్డానికి అచ్చం పక్షి రెట్టలాగా, గోధుమ నలుపు మీద తెల్లటి పూతతో ఉంటుంది. "ఛీ, కాకి రెట్ట" అని అక్క తుడిచేయబోయిందట. ఆ వేషం అందుకే! రెట్టని ఏ పక్షి తింటుంది చెప్పండి?

ఇక్కణ్నించి రెండు వారాల పని ఏంటంటే, తినడం, చర్మం విడవడం. పాత చర్మం సాగదు, అందుకని పురుగు నాలుగుసార్లు చర్మం మారుస్తుంది. మార్చే ముందు దాదాపు ఒక రోజంతా కదలకుండా కూర్చుంటుంది. చాలామంది పిల్లలు ఇక్కడే తప్పు చేస్తారు, చచ్చిపోయిందేమో అని కదుపుతారు. ఆ సమయంలో కాళ్లు ఆకు మీది పట్టుదారానికి బిగించి ఉంటాయి, లాగితే దెబ్బతింటుంది. మిన్ను ఒక పద్ధతి పెట్టుకుంది. కదలని పురుగు ఉన్న రెమ్మకి ఎర్ర దారం కట్టి, "డోంట్ డిస్టర్బ్" అని చిన్న చీటీ వేలాడదీసింది. నాలుగోసారి చర్మం విడిచాక అసలు అద్భుతం. రెట్ట రంగు పోయి, లేతాకు పచ్చ వచ్చేసింది.

చీమల కోసం కుండీ కింద నీళ్ల పళ్లెం పెట్టాం. అయితే వానాకాలం, పైగా హైదరాబాద్. నిలవ నీటిలో డెంగీ దోమలు గుడ్లు పెడతాయి. అందుకని రోజు విడిచి రోజు పళ్లెం కడిగి నీళ్లు మార్చడం అక్క డ్యూటీ. బల్లుల కోసం రాత్రిళ్లు మొక్క మీద వలగొడుగు కప్పడం మిన్ను డ్యూటీ. నా డ్యూటీ ఏమిటంటే, ఒక కెమెరా, తేమ కొలిచే సెన్సరు పెట్టి డ్యాష్‌బోర్డ్ చేస్తానన్నాను. "వద్దు మావయ్యా, నేనే చూస్తా" అంది మిన్ను. నిజం చెప్పొద్దూ, కాస్త బాధేసింది.

అసలు ఇబ్బంది ఆగస్టు మొదటి వారంలో వచ్చింది. ఈ పురుగు జీవితమంతా తినేదాంట్లో ఎక్కువ భాగం ఆ చివరి పచ్చరంగు దశలోనే తింటుంది. అప్పటిదాకా ఆకుల అంచులు కొరికినవి, ఒక్కసారిగా రెమ్మలకి రెమ్మలు ఖాళీ చేయడం మొదలెట్టాయి. ఐదు పురుగులు, రెండడుగుల మొక్క. లెక్క నేను ముందే వేసుకోవాల్సింది. ఆ సైజు మొక్కకి రెండు పురుగులు, మహా అయితే మూడు. సగం మొక్క ఈనెలు మిగిలింది.

నేనేం చేశానంటే, మూడింటిని గాజు సీసాలోకి మార్చి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, కూరగాయల బండి దగ్గర పది రూపాయల కరివేపాకు కట్ట కొని, రెండుసార్లు కడిగి లోపల పెట్టాను. రెండింటిని మొక్క మీదే ఉంచాం. మర్నాడు ఉదయం అక్క గొంతు మామూలుగా లేదు. "సీసాలోవి ఏదోలా ఉన్నాయిరా" అంది. పరిగెత్తాను. ఒకటి తల అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఇంకొకటి నోట్లోంచి పచ్చటి ద్రవం కక్కింది. మూడోది వెనక కాళ్లతో పుల్లని పట్టుకుని తలకిందులుగా మెత్తగా వేలాడుతోంది. సాయంత్రానికి మూడూ పోయాయి.

మొక్క మీది రెండూ మాత్రం నిక్షేపంగా ఆకులు కొరుకుతున్నాయి. ఒకే రోజు పుట్టిన పురుగులు, అదే బాల్కనీ, అదే గాలి. మారినవి సీసా, ఆకు. సీసాకి గాలాడుతోంది, లోపల తడి లేదు. ఇంక మిగిలింది ఆకే. అమ్మకానికి పెంచే కరివేపాకుకి పురుగుమందు కొడతారు, అందులో కొన్ని మందులు ఆకు లోపలికి ఇంకిపోతాయి. అలాంటివి కడిగితే పోవు. పురుగులు పడే ఆ గిలగిల కూడా మందు లక్షణమే. నర్సరీ నుంచి తెచ్చే కొత్త మొక్కలతోనూ ఇదే ప్రమాదం. కుండీ మట్టిలో మందు వేసి ఉంటే అది వారాలు, ఒక్కోసారి నెలల తరబడి కొత్త చిగుళ్లలోకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే మీరెవరికైనా ఈ గిఫ్టు ఇవ్వాలనుకుంటే, మందు ఎరగని పెరటి చెట్టు దగ్గర మొలిచిన పిలకని మూడు నాలుగు నెలల ముందే కుండీలో నాటి పెట్టుకోండి. పిలకలన్నీ బతకవు, రెండు మూడు నాటితే ఒకటి నిలబడుతుంది.

మిన్ను ఏడవలేదు. అదే నాకు భయమేసింది. నోటుపుస్తకం తెచ్చి, "ఎందుకు చచ్చిపోయాయో రాయి" అని నా చేతికిచ్చింది. రాశాను. "మావయ్య కడిగితే సరిపోతుందనుకున్నాడు. సరిపోలేదు." అక్క మాత్రం వంటింట్లోకి పిలిచి, "చాల్లేరా, ఉన్న రెండూ ఎక్కడైనా వదిలేద్దాం. దీని మొహం చూళ్లేకపోతున్నా" అంది. ఆ రాత్రి అదే అనుకున్నాం. పొద్దున్నే మిన్ను కింద ఫ్లాటు ఆంటీ దగ్గరికి వెళ్లింది. వాళ్ల అమ్మగారింట్లో, పక్క కాలనీలో, పెద్ద కరివేపాకు చెట్టుంది. "మీరు మందు కొడతారా ఆంటీ?" అని అడిగి, కొట్టరని రెండుసార్లు చెప్పించుకుని, నాలుగు రెమ్మలు తెచ్చుకుంది. ఇంక వదిలేద్దామని మేమెవరం అనలేదు.

రెమ్మల్ని చిన్న మందు సీసాలో నీళ్లు పోసి నిలబెట్టాం. మూతి దగ్గర సందు లేకుండా దూది కూరాలి, లేకపోతే పురుగు కాండం మీదుగా దిగి నీళ్లలో పడి చచ్చిపోతుంది. ఆ సీసాని కుండీలోనే మొక్క పక్కన గుచ్చితే, పురుగులు తమంతట తామే అటు వెళ్లాయి.

ఆగస్టు 8న రెండూ తినడం మానేశాయి. ఒళ్లు కాస్త చిన్నదయింది, పల్చటి నీళ్ల విరేచనం అయింది. "మళ్లీ విషమా?" అని మిన్ను వణికింది. కాదు. ప్యూపాగా మారే ముందు కడుపు ఖాళీ చేసుకోవడం వాటి పద్ధతి. తేడా ఎలా తెలుస్తుందంటే, జబ్బు పడ్డది మెత్తబడి వేలాడుతుంది, ఇది మాత్రం చురుగ్గా చోటు కోసం తిరుగుతుంది. ఒకటి మొక్క కాండం మీదే స్థిరపడింది. రెండోది కుండీలో గుచ్చిన వెదురు పుల్ల ఎక్కింది. తోక దగ్గర పట్టుతో చిన్న దిండు అల్లుకుని, నడుం చుట్టూ ఒక దారం చుట్టుకుంది. కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ నడుముకి బెల్టు కట్టుకుని వెనక్కి వాలతాడే, అచ్చం అలా. మర్నాటికి చివరి చర్మం విడిచి ప్యూపా అయింది. కాండం మీదిది ఆకుపచ్చ, వెదురు మీదిది గోధుమ రంగు. ఎక్కడ కూర్చుంటే అక్కడి రంగులో కలిసిపోతాయి. వెదురు పుల్ల మీదికి వలగొడుగు సరిపోయింది. కాండం మీదిదానికి చాలలేదు, అలాగే వదిలేశాం. ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇక పది రోజులు ఏమీ జరగదు. పుస్తకాలు ఇవ్వాల్సింది ఇప్పుడు, పుట్టినరోజు నాడు కాదు. పిల్ల దగ్గర ప్రశ్నలుంటాయి, చూడ్డానికి ఏమీ ఉండదు. నేను రెండు ఇచ్చాను. ఒకటి ఐజాక్ కెహింకర్ రాసిన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బటర్‌ఫ్లైస్'. పెద్దవాళ్ల పుస్తకమే, కానీ ఫొటోలు చూసి పోల్చుకోవడానికి ఎనిమిదేళ్లు చాలు. రెండోది 1969లో వచ్చిన ఎరిక్ కార్ల్ బొమ్మల పుస్తకం 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్'. ఇది మిన్ను వయసుకి చిన్నది, దాని చెల్లెలి కోసం కొన్నాను. కానీ మిన్ను చదివి, పెన్సిల్ తీసుకుని వచ్చింది. "మావయ్యా, ఇందులో పురుగు కకూన్ కట్టుకుందని రాశారు. మనది కట్టుకోలేదుగా!" నిజమే. చుట్టూ దారంతో గూడు కట్టుకునేది పట్టుపురుగు లాంటి మాత్‌లు. సీతాకోకచిలుక పురుగు చర్మం విడిస్తే లోపల ఉన్నదే ప్యూపా, దాని మీద వేరే గూడుండదు. అచ్చు పుస్తకంలో తప్పు పట్టిన ఆ సాయంత్రం దాని ఠీవి మీరు చూడాల్సింది. తెలుగులో చదువుకోవాలనుకునే పిల్లలకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. చెల్లెలికి అక్క అవే చదివి వినిపిస్తోంది.

ఆగస్టు 17 సాయంత్రం వెదురు మీది ప్యూపా నల్లబడింది. కుళ్లిందేమోనని కంగారు పడక్కర్లేదు. పైపొర పల్చబడి, లోపలి రెక్కల రంగు కనపడుతుంది. లెన్స్ పెడితే రెక్కల మచ్చలు కూడా తెలుస్తాయి. మర్నాడు సెలవు పెట్టాను. మేనేజరుకి "పర్సనల్ వర్క్" అని రాశాను, ఇంకేం రాస్తాను?

ఆరున్నర దాటాక పొర చిట్లింది. నిమిషంలో బయటికొచ్చేసింది. రెక్కలు నలిగిన తడి కాగితం ముక్కల్లా ఉన్నాయి. పుల్ల ఎక్కి, తలపైకి పెట్టి వేలాడింది. పొట్టలోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి పంపుతూ పావుగంటలో విప్పేసింది. ఈ పావుగంటే కీలకం. రెక్కలు కిందికి వేలాడే జాగా లేకపోతే, లేదా కింద పడిపోతే, అవి ముడతలు పడి అలాగే ఆరిపోతాయి, ఇక జన్మలో ఎగరలేదు. అందుకే ప్యూపాని చిన్న సీసాలో ఉంచకూడదు. నల్లబడగానే మేం వలగొడుగు తీసేశాం. రెక్కలు గట్టిపడటానికి ఇంకో గంటో రెండు గంటలో పడుతుంది. కింద ఎర్రటి చుక్క పడితే రక్తం కాదు, లోపల మిగిలిపోయిన వ్యర్థం.

అయితే మేం ఎదురుచూసింది నలుపు మీద తెల్లపట్టీ. వచ్చినదానికి వెనక రెక్కల మీద తెల్లమచ్చలు, చుట్టూ ఎర్ర చుక్కలు! మిన్ను పుస్తకం తెచ్చి పేజీలు తిప్పి, "కామన్ రోజ్" అంది. బొమ్మ అచ్చం అదే. కానీ కామన్ రోజ్ పురుగులు ఈశ్వరి జాతి తీగల్నే తింటాయి, కరివేపాకుని ముట్టవు. మరి? పక్క పేజీలు తిప్పుతుంటే దొరికింది. కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని కామన్ రోజ్ వేషం వేస్తాయి. రోజ్ ఒంట్లో విషం ఉంటుంది కాబట్టి పక్షులు దాన్ని తినవు. దీనికి విషం లేదు, వేషమే. పోల్చుకునే గుర్తు ఒక్కటి, అసలు రోజ్‌కి ఒళ్లు ఎర్రగా ఉంటుంది, వేషగత్తెకి నల్లగా ఉంటుంది. మిన్ను లెన్స్‌తో దగ్గరికెళ్లి చూసి, "నలుపు!" అని అరిచింది. ఎనిమిదిన్నరకి అది లేచి, రెయిలింగ్ దాటి, కింద మందార మొక్కల వైపు వెళ్లిపోయింది. మిన్ను బై చెప్పింది. అక్క కళ్లు తుడుచుకుంటూ ఉల్లిపాయలు తరుగుతున్నానంది.

కాండం మీది పచ్చ ప్యూపా మాత్రం విచ్చుకోలేదు. పది రోజులు, పన్నెండు రోజులు. పచ్చదనం పోయి మట్టిరంగు వచ్చింది, రెక్కల మచ్చలు మాత్రం కనపడలేదు. చలికాలంలో కొన్ని ప్యూపాలు నెలల తరబడి ఆగుతాయి గానీ ఇది ఆగస్టు. పదిహేనో రోజున మిన్ను లెన్స్ పెట్టి చూస్తే గుండుసూది మొనంత కన్నం. అందులోంచి మెరిసే పచ్చరంగు చిన్న రెక్కల పురుగులు, ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాం. ఒక్కోటీ రెండు మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. అవి పరాన్న కందిరీగలు. ప్యూపా కొత్తగా, మెత్తగా ఉన్న మొదటి గంటల్లో తల్లి కందిరీగ దానిలోకి గుడ్లు గుచ్చుతుంది. పిల్లలు లోపలే తిని పెరుగుతాయి. మనుషుల్ని కుట్టవు. ఆ ఒక్క రోజు వల కప్పి ఉంటే తప్పేదేమో.

ఈసారి మిన్ను ఏడ్చింది. చాలాసేపు ఏడ్చి, తర్వాత అడిగింది. "ఇవి కూడా మన బాల్కనీలోనే పుట్టాయిగా మావయ్యా. వీటిని లిస్టులో రాయాలా, వద్దా?" నాకు జవాబు తోచలేదు. "నీ పుస్తకం, నీ ఇష్టం" అన్నాను. మర్నాడు చూస్తే రాసి ఉంది. "గుడ్లు 5. సీతాకోకచిలుక 1. కందిరీగలు 40 పైన." చనిపోయిన మూడింటికీ పక్కన చిన్న గీతలు.

ఆ తర్వాత కూడా రెండు మూడు ఇచ్చాను. బాల్కనీలో పక్షులకి వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పెట్టిస్తున్నాం, రెండంగుళాల లోతు, రోజూ కడిగి. గింజలు మాత్రం వేయనివ్వను. గింజలేస్తే హైదరాబాద్‌లో ముందు దిగేవి పావురాలు, వాటి రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకి చేటు, ఆస్తమా పిల్లలకి ఇంకా. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో కనీసం పదిహేను నిమిషాలు కూర్చుని, కనపడిన పక్షుల్ని లెక్కపెట్టి పంపొచ్చు. దానికోసం సలీం అలీ 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' కొన్నాను. నెహ్రూ జూపార్కులో జంతువుల్ని దత్తత తీసుకునే పథకం ఉంది. ఇంటికి తెచ్చుకోవడం కాదు, దాని మేత ఖర్చు మనం భరించడం. ఏనుగా, చిలుకా అని వాళ్ల ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది. నా జీతానికి చిలుకే అని నేను.

మొన్న ఆదివారం అక్క ఫోను చేసింది. చుట్టాలొచ్చారట, పులిహోర కలుపుతోందట. "ఒరేయ్, ఇంట్లో రెండు కరివేపాకు మొక్కలుండి, పోపులోకి నాలుగు ఆకులు కోసుకునే గతి లేదురా! ఏ రెమ్మ ముట్టుకున్నా దానికో ఎర్ర దారం కట్టి ఉంది."